ఫ్యాక్టరీ ఫైళ్లు ఇంట్లో తెరవాలంటే: రిమోట్ బదులు సింక్‌థింగ్

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి దగ్గర చిన్న గ్రానైట్ కటింగ్ యూనిట్. ఇల్లు ఒంగోలు. బ్లాకుల కొలతలు, ప్యాకింగ్ లిస్టులు, బిల్లుల పీడీఎఫ్‌లు అన్నీ ఆఫీసు కంప్యూటర్లోనే ఉంటాయి. మొత్తం 6 జీబీ దాకా ఉంటుంది. రాత్రి ఇంటి నుంచి రిమోట్‌లో కనెక్ట్ అవుదామంటే కరెంటు పోయి సిస్టమ్ ఆఫ్ అయి ఉంటుంది, లేదంటే నెట్ నిదానంగా ఉండి మౌస్ కదలదు. వాచ్‌మన్‌కు ఫోన్ చేసి సిస్టమ్ ఆన్ చేయించడం రోజూ మామూలైపోయింది. రౌటర్లో పోర్ట్ ఓపెన్ చేయమని ఒకాయన చెప్పాడు, అదీ పనిచేయలేదు. క్లౌడ్‌లో పెట్టడం నాన్నకు ఇష్టం లేదు. సులువైన దారి ఏమైనా ఉందా?

సమాధానం:

ముందు ఒక్క విషయం తేల్చుకోండి. రాత్రి ఇంట్లో కూర్చుని ఆ కంప్యూటర్లోకి వెళ్లి మీరు చేసే పని ఏంటి? ఎక్సెల్ షీటు తెరిచి చూడటం, రెండు అంకెలు సరిచేయడం, పీడీఎఫ్ తీసి పార్టీకి వాట్సాప్ చేయడం. ఇంతే అయితే మీకు కావాల్సింది ఫైలు. దాని కోసం 20 కిలోమీటర్ల అవతల ఉన్న స్క్రీన్ మొత్తాన్ని ఇంటికి లాక్కొస్తున్నారు. రిమోట్‌లో మీరు మౌస్ కదిపిన ప్రతిసారీ అక్కడి తెర బొమ్మ నెట్ మీద ఇక్కడికి రావాలి. ఆ క్షణంలో అక్కడ కరెంటు ఉండాలి, సిస్టమ్ ఆన్‌లో ఉండాలి, రెండు చోట్లా నెట్ బాగుండాలి. మూడింట్లో ఒకటి తప్పినా పని ఆగిపోతుంది.

పోర్ట్ ఓపెన్ కాకపోవడం మీ అదృష్టం అనుకోండి. కారణం బహుశా ఇది: చాలా నెట్ కంపెనీలు ఇప్పుడు ఒకే పబ్లిక్ అడ్రసు వెనక బోలెడు మంది కస్టమర్లను పెడుతున్నాయి. మీ రౌటర్ పేజీలో WAN IP చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే మీరు అలాంటి లైను మీద ఉన్నట్టే. బయటి నుంచి ఎవరూ నేరుగా మీ రౌటర్ దాకా రాలేరు, మీరు ఎన్ని పోర్టులు తెరిచినా అంతే. ఒకవేళ వచ్చినా, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం అంటే వీధి తలుపు తీసి పడుకోవడమే. ఆ పోర్టు ఎక్కడ తెరిచి ఉందా అని రాత్రీపగలూ వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. 2019 మేలో ఈ రిమోట్ డెస్క్‌టాప్‌లోనే బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు, ఎప్పుడో వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. మీ ఆఫీసు సిస్టమ్‌లో విండోస్ హోమ్ ఉంటే అసలు ఆ రిమోట్ డెస్క్‌టాప్‌కు అది హోస్టుగా పనిచేయదు కూడా.

మీ పనికి సరిపోయేది సింక్‌థింగ్. 2013 నుంచి ఉన్న ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. syncthing.net లో దొరుకుతుంది. మీ రెండు కంప్యూటర్లలో ఒక్కో ఫోల్డర్ పెడతారు, అది ఆ రెండింటినీ ఒకేలా ఉంచుతుంది. ఫైళ్లు ఏ కంపెనీ సర్వర్లోనూ నిల్వ ఉండవు, కాబట్టి నాన్నగారికి అభ్యంతరం ఉండకపోవచ్చు. మధ్యలో ఉండే డిస్కవరీ సర్వర్ ‘ఫలానా డివైస్ ఇప్పుడు ఫలానా అడ్రసులో ఉంది’ అని మాత్రమే చెబుతుంది. రెండు చోట్ల నుంచీ బయటికే కనెక్షన్ వెళుతుంది కాబట్టి మీరు పోర్ట్ ఏమీ తెరవక్కర్లేదు. నేరుగా కలవడం కుదరకపోతే, వాలంటీర్లు నడిపే రిలే సర్వర్ మీదుగా వెళుతుంది. అప్పుడు కూడా డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే పోతుంది, రిలే నడిపేవాళ్లు చదవలేరు. కాకపోతే నిదానం.

ఇక అసలు చిక్కు. చాలామంది సింక్‌థింగ్ పెట్టుకుని నాలుగు రోజులకు తీసేసేది ఇక్కడే. రెండు డివైసులూ ఒకే సమయంలో ఆన్‌లో ఉంటేనే ఫైళ్లు మారతాయి. మధ్యలో దాచిపెట్టే సర్వర్ లేదు కదా. మీ ఆఫీసు సిస్టమ్ సాయంత్రం ఆరింటికి ఆగిపోయి, మీ ల్యాప్‌టాప్ రాత్రి తొమ్మిదింటికి తెరుచుకుంటే ఆ రెండూ ఎప్పటికీ కలవవు. రెండూ సక్రమంగానే పనిచేస్తుంటాయి, తప్పు ఎక్కడా కనపడదు, ఫైలు మాత్రం రాదు.

దీనికి మందు మీ జేబులోనే ఉంది. పగలు మీ ఫోన్ ఎక్కడ ఉంటుంది? ఫ్యాక్టరీ వైఫై మీద. రాత్రి? ఇంటి వైఫై మీద. ఆ ఫోన్‌ను మూడో డివైస్‌గా కలిపితే, పగలు ఆఫీసు సిస్టమ్ నుంచి ఫైళ్లు తీసుకుంటుంది, రాత్రి ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. పోస్ట్‌మ్యాన్ పని. ఇంకా బాగున్న సంగతేమిటంటే, ఫ్యాక్టరీలో ఆ రోజు నెట్ మొత్తానికే లేకపోయినా ఇది నడుస్తుంది. ఒకే రౌటర్ మీద ఉన్న డివైసులు ఒకదాన్నొకటి వాటంతటవే కనుక్కుంటాయి, దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు. ఒక జాగ్రత్త: ఫోన్ గెస్ట్ వైఫై మీద ఉంటే, లేదా రౌటర్లో AP Isolation ఆన్ చేసి ఉంటే, ఫోన్‌కు కంప్యూటర్ కనపడదు.

### పెట్టుకునే పద్ధతి

డెస్క్‌టాప్ మొత్తాన్నో D డ్రైవ్ మొత్తాన్నో ఇవ్వకండి. `D:\Factory` అని ఒక కొత్త ఫోల్డర్ చేసి, ఇంటి నుంచి అవసరమయ్యేవి మాత్రమే దాంట్లోకి మార్చండి. మీ 6 జీబీలో నాలుగేళ్ల కిందటి ఫోటోలు సగం ఉంటాయని నా అనుమానం. వాటిని బయటే ఉంచండి.

మొదటిసారి సింక్ మాత్రం నెట్ మీద చేయొద్దు. ఆఫీసు లైన్ అప్‌లోడ్ సెకనుకు 4 మెగాబిట్లు అనుకుందాం. 6 జీబీ అంటే 48 వేల మెగాబిట్లు. భాగిస్తే 12 వేల సెకన్లు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు, అదీ లైన్ ఒక్కసారి కూడా తెగకపోతే. ఒక రోజు ల్యాప్‌టాప్ చీమకుర్తి తీసుకెళ్లండి. ఒకే వైఫై మీద పెడితే, లేదా రౌటర్‌కు కేబుల్‌తో పెడితే, టీ తాగి వచ్చేలోపు దాదాపు అయిపోతుంది. ఫోన్‌కు ఇంకాస్త పడుతుంది. ఆ తర్వాత రోజూ వెళ్లేది మారిన భాగమే. పెద్ద ఫైలును సింక్‌థింగ్ ముక్కలుగా చూస్తుంది, మారిన ముక్కల్నే పంపుతుంది.

విండోస్‌లో Syncthing Windows Setup అనే ఇన్‌స్టాలర్ వాడితే సిస్టమ్ ఆన్ కాగానే తనంతట తానే మొదలయ్యేలా పెట్టేస్తుంది. మామూలు జిప్ ఫైలు దింపుకుంటే ఆ పని మీరే చేసుకోవాలి, మర్చిపోతారు. కంట్రోల్ అంతా బ్రౌజర్లోనే ఉంటుంది. ఆ సిస్టమ్ మీదే బ్రౌజర్ తెరిచి ఇది టైప్ చేయాలి:

```
http://127.0.0.1:8384
```

ఆ పేజీ ఆ కంప్యూటర్‌కు మాత్రమే తెరుచుకుంటుంది, బయటివాళ్లకు కాదు. దాన్ని మార్చకండి.

పైన Actions లో Show ID నొక్కితే ఆ డివైస్ ఐడీ వస్తుంది. ఏడేసి అక్షరాలతో ఎనిమిది గుంపులు, మధ్యలో గీతలు. ఇది పాస్‌వర్డ్ కాదు. ఎవరికైనా తెలిసినా, మీరు ఇటు నుంచి ఒప్పుకోకుండా వాళ్లు కలవలేరు. ల్యాప్‌టాప్‌లో Add Remote Device నొక్కి ఆఫీసు సిస్టమ్ ఐడీ ఇవ్వండి. కాసేపటికి ఆఫీసు తెర మీద ఫలానా డివైస్ కలవాలనుకుంటోంది అని వస్తుంది, ఒప్పుకోండి. ఫోన్‌లో అయితే క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. మూడింటినీ ఒకదానితో ఒకటి కలపాలి. ఫోన్‌ను ఆఫీసు సిస్టమ్‌తో మాత్రమే కలిపి, ఇంట్లో ల్యాప్‌టాప్‌తో కలపకపోతే పోస్ట్‌మ్యాన్ మీ ఇంటి తలుపు కొట్టడు.

తర్వాత ఆఫీసు సిస్టమ్‌లో Add Folder నొక్కి `D:\Factory` ఇచ్చి, Sharing ట్యాబ్‌లో మిగతా రెండింటికీ టిక్ పెట్టండి. అవతలి వైపు ఒప్పుకునేటప్పుడు ఏ ఫోల్డర్లో పెట్టాలో అడుగుతుంది. ఇక్కడ కంగారు పడి Documents మొత్తాన్ని చూపించారంటే దాంట్లో ఉన్నవన్నీ ఆఫీసుకు పోతాయి. ఖాళీ ఫోల్డర్ ఇవ్వండి.

ఫోల్డర్ రకం గురించి కాస్త ఆలోచించాలి. ఆఫీసు సిస్టమ్, ల్యాప్‌టాప్ రెండూ Send & Receive. రెండు చోట్లా మీరు రాస్తారు కదా. ఫోన్ మాత్రం Receive Only పెట్టండి. ఫోన్‌లో మనం ఫైళ్లు రాయం. అక్కడ జరిగేదల్లా పిల్లలు ఆడుకుంటూ నొక్కడమో, స్టోరేజ్ నిండిందని క్లీనర్ యాప్ ఏదో తుడిచేయడమో. Receive Only లో ఉంటే ఆ తుడిచివేత మిగతా రెండింటికీ పాకదు. ఫోన్ తెర మీద Revert Local Changes అని వస్తుంది, నొక్కితే పోయినవి మళ్లీ వచ్చేస్తాయి. ఆఫీసు నుంచి తీసుకున్నవాటిని ల్యాప్‌టాప్‌కు ఇవ్వడానికి ఈ రకం ఏమీ అడ్డు కాదు.

చివరగా, ఆఫీసులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఆ ఫోల్డర్ Ignore Patterns లో ఈ మూడు వరుసలు వేయండి. ఎక్సెల్ తెరిచినప్పుడు పుట్టే తాత్కాలిక ఫైళ్లు, విండోస్ పెట్టే చిల్లర ఫైళ్లు అటూఇటూ తిరగకుండా ఉంటాయి. ఈ జాబితా ఒక చోట రాస్తే రెండో చోటికి పోదు, రెండింటిలోనూ విడివిడిగా వేయాలి.

```
~$*
(?d)Thumbs.db
(?d)desktop.ini
```

### ఒకే షీటు ఇద్దరు రాస్తే

ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది, అందుకే వివరంగా చెబుతా.

సోమవారం సాయంత్రం అయిదున్నరకు మీ ఆఫీసు కుర్రాడు `blocks.xlsx` లో ఆ రోజు వచ్చిన మూడు బ్లాకుల కొలతలు ఎక్కించి సేవ్ చేశాడు, వెంటనే సిస్టమ్ ఆపేశాడు. అప్పటికే మీరు ఒంగోలు బయల్దేరారు. ఆ మార్పు ఫోన్‌లోకి రాలేదు. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో పాత షీటే తెరిచి, మీరు ఒక పార్టీ రేటు మార్చి సేవ్ చేశారు. మంగళవారం తొమ్మిదిన్నరకు ఆఫీసు సిస్టమ్ ఆన్ అయింది, మీ మార్పు ఫోన్ మీదుగా అక్కడికి చేరింది. ఇప్పుడు ఒకే ఫైలుకు రెండు రూపాలు. ఒకటి తెలిసి రెండోది రాసింది కాదు.

సింక్‌థింగ్ ఏదీ పారేయదు. చివరగా సేవ్ అయిన దానికి, అంటే మీ రాత్రి తొమ్మిది గంటల ఫైలుకు, అసలు పేరు ఉంచుతుంది. కుర్రాడి ఫైలు పేరు ఇలా మారుతుంది:

```
blocks.sync-conflict-20250715-093012-K5QZ3RA.xlsx
```

మధ్యలో ఉన్నది గొడవ తేలిన తేదీ, సమయం. చివర ఏడు అక్షరాలు ఆ ఫైలును మార్చిన డివైస్ ఐడీ మొదటి గుంపు, ఇక్కడ ఆఫీసు సిస్టమ్‌ది. ఈ ఫైలు కూడా అన్ని చోట్లకూ వెళుతుంది. మీరు రెండూ తెరిచి, మూడు బ్లాకుల వరుసలు అసలు షీటులోకి కాపీ చేసి, ఆ రెండో ఫైలు తీసేయాలి. ఈ పని చేసేది మనిషే. ఎక్సెల్ లోపలి వరుసలను సింక్‌థింగ్ కలపలేదు, దానికి అది ఒక మొత్తం ఫైలు మాత్రమే.

ప్రమాదమంతా ఈ ఫైలును ఎవరూ పట్టించుకోకపోవడంలో ఉంది. నెల తర్వాత ‘ఆ మూడు బ్లాకులు స్టాకులో లేవేంటి’ అంటారు. వారానికోసారి ఫోల్డర్ సెర్చ్‌లో `sync-conflict` అని కొట్టి చూడండి. అసలు గొడవే తక్కువ రావాలంటే, ఒక్కో ఫైలుకు ఒక్కరే రాసేవాళ్లు ఉండాలి. కొలతల షీటు కుర్రాడిది, మీరు చూస్తారంతే. రేట్ల షీటు మీది. నేను ఏ ఆఫీసులో పెట్టినా మొదటి రోజే ఈ గీత గీస్తా. సాయంత్రం మీరు బయల్దేరేముందు ఫోన్‌లో ఒకసారి చూసుకోవడం రెండో జాగ్రత్త.

ఇంకో చిన్న సంగతి. ఆఫీసులో ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి ఉండగా మీ మార్పు వస్తే, విండోస్ దాన్ని మార్చనివ్వదు. ఫోల్డర్ దగ్గర Failed Items అని కనిపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు, ఫైలు మూసేశాక మళ్లీ ప్రయత్నించి పూర్తి చేసుకుంటుంది. కానీ రోజంతా షీటు తెరిచే ఉంచి, రాత్రి అలాగే సిస్టమ్ ఆపేసే అలవాటు ఉంటే మాన్పించండి.

ఇక్కడే పాత సిస్టమ్‌ల జబ్బు ఒకటి చెప్పాలి. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. ఎవరి ఫైలు కొత్తది అనేది సేవ్ అయిన సమయాన్ని బట్టే కదా తేలేది. అలాంటి సిస్టమ్‌లో ఈ రోజు రాసింది కూడా ఎప్పటిదో పాతది అనిపించుకుని ప్రతిసారీ ఓడిపోతుంది. బటన్ సెల్ ఒకటి మార్పించండి, పెద్ద ఖర్చేమీ కాదు.

### తుడిచేస్తే అన్ని చోట్లా పోతుంది

సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఆఫీసులో ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే, ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లన్నిటికీ తాళం వేసినా, ఆ పాడైన ఫైళ్లే నమ్మకంగా అన్ని చోట్లకూ చేరతాయి. అందుకే ఫోల్డర్ ఒప్పుకున్న రోజే File Versioning ట్యాబ్‌కు వెళ్లి Staggered పెట్టండి. పాత రూపాలను `.stversions` అనే ఫోల్డర్లో దాస్తుంది. దగ్గరి రోజులవి ఎక్కువ, పాతబడేకొద్దీ తక్కువ, మామూలుగా ఏడాది దాకా ఉంచుతుంది. ఫోల్డర్ దగ్గర Versions నొక్కి కావలసినది వెనక్కి తెచ్చుకోవచ్చు.

దీంట్లో చాలామంది బోల్తా పడే మెలిక ఒకటుంది. వర్షన్లు దాచేది అవతలి డివైస్ నుంచి వచ్చిన మార్పులకు మాత్రమే. కుర్రాడు ఆఫీసు సిస్టమ్‌లో మార్చి నెల ఫోల్డర్ తుడిచేశాడనుకోండి. ఆఫీసు సిస్టమ్‌లోని `.stversions` లో అది ఉండదు, అది అక్కడే జరిగిన పని కాబట్టి. మీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, అదీ ల్యాప్‌టాప్‌లో వర్షనింగ్ పెట్టి ఉంటేనే. కాబట్టి రెండు కంప్యూటర్లలోనూ పెట్టాలి, పోయినదాన్ని పోగొట్టిన చోట కాకుండా అవతలి చోట వెతకాలి. దీంతో పాటు వారానికోసారి ఒక బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసి బీరువాలో పెట్టండి.

### అకౌంట్స్ డేటా ఫోల్డర్ జోలికి పోవద్దు

ఇది నా తలకు చుట్టుకున్న కథ. మా బావమరిదికి కావలిలో రొయ్యల మేత షాపు ఉంది. షాపులో ఒక సిస్టమ్, ఇంట్లో ఒక సిస్టమ్. ‘ఫైళ్లు సింక్ అవుతున్నాయి కదా, లెక్కలు కూడా చేసేస్తే పోలా’ అని నేనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌ను సింక్‌లో పెట్టా. వారం బాగానే నడిచింది. ఒకరోజు షాపులో గుమాస్తా బిల్లులు కొడుతుండగా ఇంట్లో చెల్లెలు కూడా అవే లెక్కలు తెరిచింది. రాత్రి ఫోన్: “ఏంది బావా ఇది, నిన్నటి బిల్లులు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు, తెరిస్తే ఎర్రర్ అంటోంది.”

సాఫ్ట్‌వేర్ తప్పు ఏమీ లేదు, నాదే. అలాంటి డేటా ఒకదానితో ఒకటి ముడిపడిన పది ఇరవై ఫైళ్లుగా ఉంటుంది. సింక్‌థింగ్‌కు ఆ ముడి తెలియదు. దేన్ని ఎప్పుడు చూస్తే దాన్ని అప్పుడు పంపుతుంది. ఒక ఫైలు షాపుది, రెండో ఫైలు ఇంటిది అయిపోయి, రెండు ఊళ్ల బండి చక్రాలు ఒకే ఇరుసుకు తగిలించినట్టయింది. పాత బ్యాకప్ ఉంది కాబట్టి బతికాం. అయినా మూడు రోజుల బిల్లులు మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఆ మూడు రోజులు మా ఇంట్లో నాకు టీ కూడా అడిగితేనే దొరికింది.

సరైన పద్ధతి: సాయంత్రం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండే బ్యాకప్ ఆప్షన్‌తో బ్యాకప్ తీసి, ఆ ఫైలును మాత్రం సింక్ ఫోల్డర్లో పెట్టడం. ఇంట్లో దాన్ని రీస్టోర్ చేసి చూసుకోవచ్చు. చూడటానికే, రాయడానికి కాదు. ఇంటి నుంచి కూడా బిల్లులు కొట్టాలి అంటే అది సింక్ పని కాదు, అక్కడ మీకు నిజంగానే రిమోట్ కావాలి. ఆ ఒక్క పనికి పెట్టుకోండి, 3389 తెరవకుండా.

### నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఫోల్డర్ పక్కన Up to Date అని ఉంటే బాగుంది అనుకోవద్దు. తనకు తెలిసినంత వరకు అన్నీ ఉన్నాయి అని మాత్రమే దాని అర్థం. అవతలి డివైస్ Disconnected అయి ఉంటే, అక్కడ నిన్న ఏం మారిందో దానికి తెలియదు. డివైస్ పేరు నొక్కితే Last Seen కనిపిస్తుంది. దాన్నే చూడండి. ఆఫీసు సిస్టమ్ చివరిసారి మూడు రోజుల కిందట కనపడింది అంటే మీ దగ్గరున్న కొలతలు మూడు రోజుల పాతవి.

కలిసి ఉన్నప్పుడు Connection Type కూడా చూడండి. ఇంట్లో ల్యాప్‌టాప్, ఫోన్ ఒకే వైఫై మీద ఉంటే LAN అని రావాలి. Relay అని వస్తోందంటే పక్కపక్కనే ఉన్నవి ఊరంతా తిరిగి మాట్లాడుకుంటున్నాయని అర్థం. ఎక్కువసార్లు విండోస్ ఫైర్‌వాల్ మొదటి రోజు అడిగినప్పుడు Cancel కొట్టి ఉంటారు. ఫైర్‌వాల్‌లో సింక్‌థింగ్‌ను అనుమతిస్తే సరిపోతుంది. అది వాడే పోర్టులు 22000, 21027. రౌటర్లో మాత్రం ఏమీ ముట్టుకోనక్కర్లేదు.

folder marker missing అని ఎర్రర్ వస్తే ఆ ఫోల్డర్లోని `.stfolder` అనే చిన్న గుర్తు ఎవరో తీసేశారని, లేదా డ్రైవే కనపడటం లేదని. అప్పుడు సింక్‌థింగ్ కావాలనే ఆగిపోతుంది. లేకపోతే డిస్క్ ఊడిపోయినప్పుడు ఫైళ్లన్నీ మీరే తుడిచేశారనుకుని మిగతా చోట్లా తుడిచేసేది. తొందరపడి ఆ గుర్తు మళ్లీ చేసేయకుండా, ముందు ఫైళ్లు నిజంగా ఉన్నాయా చూడండి.

ల్యాప్‌టాప్ పోతే ఏంటి అని అడిగేవాళ్లుంటారు. ఆఫీసు సిస్టమ్‌లోనూ ఫోన్‌లోనూ ఆ డివైస్‌ను Remove చేస్తే కొత్త ఫైళ్లు ఇక వెళ్లవు. కానీ అప్పటికే ల్యాప్‌టాప్‌లో ఉన్నవి అలాగే ఉంటాయి, దూరం నుంచి తుడిచే సదుపాయం దీంట్లో లేదు. రిమోట్‌లో ఫైళ్లు ఆఫీసు దాటవు, ఇక్కడ దాటుతాయి. ఈ తేడా తెలిసి పెట్టుకోవాలి. ల్యాప్‌టాప్ డిస్క్‌కు ఎన్‌క్రిప్షన్, ఫోన్‌కు గట్టి లాక్ తప్పనిసరి.

ఫోన్ యాప్ గురించి: ఆండ్రాయిడ్‌కు ఉన్న అసలు సింక్‌థింగ్ యాప్‌ను 2024 డిసెంబర్‌తో ఆపేశారు. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లో Syncthing-Fork అని ఉంటుంది, అది వేసుకోండి. వేసుకున్నాక రన్ కండిషన్లలో వైఫై మీద మాత్రమే అని పెట్టండి, మొబైల్ డేటా మిగులుతుంది. చార్జింగ్‌లో ఉన్నప్పుడే అనే టిక్ ఉంటే మాత్రం తీసేయండి, పగలు ఆఫీసులో మీరు ఫోన్ చార్జింగ్ పెట్టకపోతే పోస్ట్‌మ్యాన్ నిద్రపోతాడు. ఆ తర్వాత ఫోన్ సెట్టింగుల్లో ఈ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేయాలి. కొన్ని ఫోన్లు తెర ఆరిన పది నిమిషాలకే దీన్ని చంపేస్తాయి. ఆ సెట్టింగ్ ఒక్కో కంపెనీ ఒక్కో చోట దాచిపెడుతుంది. మీది ఏ ఫోనో, ఏ ఆండ్రాయిడ్ వర్షనో కింద రాయండి, ఎక్కడుందో చెబుతా.